రెండోసారి అడిగితే

ప్రభ ఫోన్ చేసి, "అక్కా, ఆదివారం ఏలూరు వద్దామనుకుంటున్నాను, ఇంట్లోనే ఉంటావా?" అని అడిగింది. "ఉంటాను, నీకు కుదిరితే రా, నీ ఇష్టం," అన్నాను. మా వైపు పుట్టిపెరిగిన వాళ్ళెవరికైనా ఆ జవాబులోని చలి తగలకుండా ఉండదు. వచ్చే మనిషి మనకు కావలసిన మనిషైతే "వచ్చెయ్" అంటాం, "అన్నం ఇక్కడే తినాలి" అంటాం, "రాకపోతే ఊరుకోను" అని బెదిరిస్తాం కూడా. కుదరడాన్నీ ఇష్టాన్నీ అవతలివాళ్ళ చేతిలో పెట్టామంటే తలుపు సగమే తీశామని అర్థం. ప్రభకది తెలుసు. అయినా వచ్చింది.

ప్రభ మా పిన్ని కూతురు, నాకంటే రెండేళ్ళు చిన్నది. దానిమీద నాకు ఇరవై ఏళ్ళుగా అసూయ. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి కూడా నాకు ఇన్నేళ్ళు పట్టింది. అది రాగానే బ్యాగులోంచి నీలం అట్ట నోటుపుస్తకం ఒకటి తీసి బల్లమీద పెట్టి, "హెలెన్ మేడమ్ పోయారక్కా. వాళ్ళ మేనకోడలు పంపింది. ఇది నీ దగ్గరే ఉండాలనిపించింది," అంది. పుస్తకం మూలలు అరిగిపోయి ఉన్నాయి. ఆ అట్ట నాకు బాగా గుర్తు. దాని మీద ఒకచోట మా ఇంటి టీ గ్లాసు అడుగు వేసిన గుండ్రటి మరక ఇంకా ఉంది. ఆ మరక పడిన రోజున నేను అక్కడే ఉన్నాను.

అప్పటి మా ఇల్లు ఏలూరులో కాలవకు దగ్గరగా, మేడ మీద ఒకే ఒక్క గదితో ఉండేది. పొద్దున్నే మామ్మ మోకాళ్ళకు రాసుకునే నీలగిరి తైలం వాసన, అది పోయేలోపు వంటింట్లోంచి మెంతులు వేగిన వాసన వచ్చేవి. మామ్మ మా నాన్నగారి తల్లి. బైబిలుకు తనే గుడ్డ అట్ట కుట్టుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో కుర్చీలో కూర్చునేది. నాకు పనులు చెప్పేటప్పుడు ఆవిడకు మొహమాటం ఉండేది కాదు. "కళ్ళజోడు తే. నీళ్ళు తే. ఆ కుర్చీ ఇటు లాగు." మా అమ్మతో మాత్రం ఆవిడ ఏదీ అడిగి ఎరగదు. దాహమేస్తే, "ఈ ఏడు ఎండలు ముందే ముదిరిపోయాయమ్మా," అనేది. అమ్మ నీళ్ళు తెచ్చేది. పెసరట్టు మీద మనసైతే, "పక్కింట్లో ఏదో పెసలు రుబ్బుతున్నట్టున్నారు," అనేది. మర్నాడు మా ఇంట్లో పెసలు నానేవి. మనవరాలు కాదనదు, కాదన్నా నష్టం లేదు. కోడలిని అడిగి, కోడలు కాదంటే ఇద్దరికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అందుకని మామ్మ అసలు అడగకుండానే అడిగేది. వినపడనట్టు ఊరుకునే దారి అమ్మకు ఎప్పుడూ ఉండేది, అమ్మ ఎప్పుడూ ఆ దారి పట్టలేదు. ఇక నాన్నగారు మూడడుగుల దూరంలో పేపరు చదువుతుంటే, అమ్మ నాతో, "మీ నాన్నగారిని అన్నానికి రమ్మను," అనేది. నేను నోరు తెరవకముందే ఆయన పేపరు మడిచేవారు. నాన్నగారు కొత్తగా సెల్‌ఫోను కొన్నాక ఇదే పద్ధతి దానిలోకీ పాకింది. ఒక్క మిస్డ్ కాల్ వస్తే బస్సు దిగానని, రెండు వస్తే స్కూటరు తీసుకురమ్మని. మాట్లాడకుండానే ఇల్లంతా మాట్లాడుకునే వాళ్ళం. అందులో నన్ను మించినవాళ్ళు లేరని నాకు గర్వంగా ఉండేది.

అలాంటి ఇంట్లోకి ప్రభ డిగ్రీ చివరి ఏడాది చదవడానికి వచ్చింది. మా చిన్నాన్నకు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం. వాళ్ళింట్లో పొద్దున లేస్తే లారీలు, బస్తాలు, ఎక్కడెక్కడి డ్రైవర్లో. అక్కడ గొంతు పెంచి, కావలసింది చెప్పకపోతే ఎవరూ వినరు. వచ్చిన మొదటి వారమే, అమ్మ చేపల పులుసు వడ్డిస్తుంటే, "పెద్దమ్మా, తలకాయ ముక్క నాకెయ్యండి," అంది. నా చెయ్యి ఆగిపోయింది. కొరమీను తలకాయ ముక్క ఆ ఇంట్లో నాది. ఎలా నాదంటే, ప్రతిసారీ అమ్మ "వేసుకోవే" అనేది, నేను "నాకొద్దులే, నాన్నగారికి వెయ్యి" అనేదాన్ని, అమ్మ "ఆయన తినరు, వేసుకో" అనేది, నేను "అబ్బా" అంటూ కంచం కొంచెం ముందుకు జరిపేదాన్ని. వద్దన్న మాటకూ జరిపిన కంచానికీ మధ్యలో ఎంత ప్రేమ ఉండేదో నాకే తెలుసు. ఆ రోజు అమ్మ నవ్వి ముక్క ప్రభ కంచంలో వేసేసింది. నన్ను చూసి, "నీకూ?" అంది. "నాకొద్దు," అన్నాను. తలకాయ ఒక్కటే కాబట్టి అమ్మ రెండోసారి అడగలేదు. చేప తలకాయ కోసం ఇరవై రెండేళ్ళ మనిషి కుళ్ళుకోవడం ఏమిటని మీరు నవ్వవచ్చు. నేను ఆ మధ్యాహ్నమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

మా మేడగదిలోకి హెలెన్ గారు దిగింది ఆ తర్వాతే. ఇంగ్లండులో నర్సులకు పాఠాలు చెప్పి రిటైరయిన అరవై ఏళ్ళ మనిషి. మా చర్చి పెద్ద ఒకాయన తీసుకొచ్చారు. మన జిల్లాల ఆస్పత్రుల్లో పనిచేయడానికి వచ్చే విదేశీ నర్సుల కోసం ఆవిడ చిన్న పుస్తకం రాయాలనుకున్నారు. తెలుగు నేర్పే పుస్తకం కాదు, తెలుగువాళ్ళ మాట వెనక ఏముందో చెప్పే పుస్తకం. రోగి "పర్లేదండి" అంటే నొప్పి తగ్గిందని రాసుకుని వెళ్ళిపోతున్నారట నర్సులు. బీఈడీ అయిపోయి ఖాళీగా ఉన్న నన్ను ఆవిడ వెంట దుబాసీగా పెట్టారు. కాలేజీ లేని రోజుల్లో ప్రభ కూడా తోకలా వచ్చేది.

కలిదిండి వైపు, దెందులూరు వైపు, కొల్లేటి లంకల్లోకి దోనెల మీద తిరిగాం. చెరువు గట్ల మీద చేపల మేత వాసన, ఎండిన తుంగ వాసన, అంత ఎండలోనూ ఎక్కడో ఒకచోట నీళ్ళలో తేలుతూ పొడుగు ముక్కుల గూడబాతులు. ఒక లంకలో ఒక ముసలాయన ఇంటి ముందు మంచం వేసి కూర్చోబెట్టి గంటసేపు చక్కగా మాట్లాడాడు. తర్వాత లోపలికోసారి చూసి, "భోజనాల వేళయింది కదండీ," అన్నాడు. నేను తెలుగును ఇంగ్లీషు చేశానో లేదో, హెలెన్ గారు చటుక్కున లేచి, ఎంతో నొచ్చుకుంటూ, మీ సమయం చాలా తీసుకున్నాం క్షమించండి అంటూ చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టారు. ముసలాయన మొహం మాడిపోయింది. లోపల ఆయన భార్య అప్పటికే పొయ్యి మీద రెండో గిన్నె పెట్టిందని పొగ చెబుతూనే ఉంది. దోనెలో కూర్చున్నాక ఆవిడ అడిగారు, తను ఏం తప్పు చేశానని. వాళ్ళ దేశంలో ఇంటివాళ్ళు గడియారం మాట ఎత్తితే ఇక బయల్దేరమని అర్థమట. ఇక్కడ అదే మాట తినివెళ్ళమని అడగడం అని చెప్పాను. "మరి తినమని ఎందుకు అడగలేదు?" అన్నారు. "అడిగితే మీరు వద్దంటారు కదండీ. మీరు 'అవును, ఆకలేస్తోంది' అనకుండానే మీకు పెట్టాలని ఆయన ఉద్దేశం," అన్నాను. "తింటారా అని అడగడమంటే, పెట్టడం మాకంత ఇష్టం లేదు, మీరే వద్దనండి అని చెప్పినట్టు," అన్నాను. ఆవిడ నీలం అట్ట పుస్తకం తీసి దోనె ఊగుతుండగానే రాసుకున్నారు.

ఆ నెలల్లో నేను చెప్పినవన్నీ ఆ పుస్తకంలోకి వెళ్ళాయి. మన ఇళ్ళల్లో "తినండి, కూర్చోండి, ఇంకాస్త వేయించుకోండి" అని వరసగా ఆజ్ఞలు వేస్తుంటే ఆవిడకు మొదట కోప్పడుతున్నారేమో అనిపించేదట. ఆ "అండీ"లోనే మర్యాదంతా ఉందని, దయచేసి అన్న మాట మేం ఇంట్లో వాడితే దెబ్బలాడుకున్నామని అర్థమని చెప్పాను. మంచినీళ్ళిచ్చినందుకు ఆవిడ థాంక్యూ అన్నప్పుడల్లా మామ్మ చిన్నబుచ్చుకునేది, ఇంట్లో మనిషికి ఇదేం లెక్క అని. వద్దన్న మాట గురించి ఒక సాయంత్రమంతా చెప్పాను. మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దన్నా గొంతు తగ్గుతుంది. మూడోసారికి కంచం జరుపుతారు. నిజంగా వద్దనుకున్నవాళ్ళు కంచం మీద చెయ్యి అడ్డం పెడతారు, లేదా కారణం చెప్పకుండా లేచిపోతారు. కారణాలు చెబుతున్నారంటే మళ్ళీ అడగమనే. ఆవిడ కళ్ళు మెరిసిపోతుండేవి. "నువ్వు లేకపోతే ఈ పుస్తకం లేదు," అన్నారు ఒకరోజు. నాకు అట్ట మీద నా పేరు కనిపించింది. చిన్నప్పటినుంచీ నాకున్న కోరిక అదొక్కటే. ఏదో ఒక పుస్తకం అట్ట మీద నా పేరు ఉండాలి.

ప్రభకు ఈ లోతులేమీ పట్టవు. "మేడమ్, మీ టోపీ ఇవ్వండి, ఎండగా ఉంది," అనేది. ఆవిడ ఇచ్చేసేవారు. "మేడమ్, మీ కెమెరాతో నన్నొక ఫోటో తియ్యండి," అనేది. ఆవిడ తీసేవారు. నేనైతే ఎండ మండిపోతోందని రెండుసార్లు అన్నాను. ఆవిడ ఆకాశం చూసి, నిజమే, ఇవాళ బాగా వేడిగా ఉంది అన్నారు. ఆ టోపీ కింద ప్రభ నవ్వుమొహం చూస్తే నాకు ఒళ్ళు మండేది. మర్యాద తెలియని పిల్ల అని అమ్మతో అన్నాను. అమ్మ, "దానికి కావలసిందేమిటో తెలుస్తుంది, చెయ్యడం తేలిక," అంది. అమ్మ నన్ను ఏమీ అనలేదు. అయినా నన్నే అందని నాకు తెలుసు.

పని ముగిసే రోజుల్లో ఒక సాయంత్రం అందరం వాకిట్లో ఉన్నాం. ప్రభ టీ గ్లాసులు తెచ్చి ఒకటి ఆ నీలం పుస్తకం మీదే పెట్టింది. హెలెన్ గారు గ్లాసు తిప్పుతూ నాతో ఇంగ్లీషులో అన్నారు. "విశాఖలో కూర్చుని ఏడాదిలో పుస్తకం పూర్తి చేద్దామనుకుంటున్నాను. నాతో వచ్చే సంగతి నీకేమైనా ఆలోచించదగ్గదిగా అనిపిస్తుందేమోనని. నీకు ఇష్టమైతేనే. రావాలని మాత్రం అస్సలు అనుకోకు. కాదన్నా నాకు పూర్తిగా అర్థమవుతుంది."

ఆ మాట కోసం నేను ఆరునెలలుగా ఎదురుచూశాను. తీరా అది వచ్చాక నా చెవికి ఎలా వినపడిందో చెప్పాలి. ఇష్టమైతేనే అంది, అస్సలు అనుకోకు అంది, కాదన్నా పరవాలేదంది. ఇన్ని తలుపులు తెరిచి ఉంచిందంటే నేను వెళ్ళిపోవాలనే కదా అనిపించింది. కావలసిన మనిషినైతే "కరుణా, బట్టలు సర్దుకో" అనదూ? వాళ్ళలో అవతలి మనిషికి అడ్డుపడకుండా, తప్పుకునే దారి వదలడమే గౌరవమని, అన్ని దారులు వదిలారంటే అంతగా కోరుకున్నారనీ నాకు తెలియనిది కాదు. ఆ సంగతి ఆవిడతోనే చర్చించాను. తెలిసింది బుర్రకు. గాయపడింది మాత్రం ఇంకెక్కడో. నేను నవ్వి, అదే ఇంగ్లీషులో, "ఎందుకులెండి మేడమ్, మీకు ఇబ్బంది. మా మామ్మకు కూడా ఒంట్లో బాగుండటం లేదు," అన్నాను. రెండు కారణాలు చెప్పాను. అని, కంచం జరపడానికి సిద్ధంగా కూర్చున్నాను.

"తప్పకుండా. నాకు అర్థమైంది," అన్నారు హెలెన్ గారు. ఎంతో మృదువుగా అన్నారు.

ఇంతలో ప్రభ, "అక్క రాకపోతే నేనొస్తాను మేడమ్. నన్ను తీసుకెళ్ళండి," అంది. ఆవిడ ఆశ్చర్యపోయి, నిజంగానా, ఎంత బాగుంటుంది అన్నారు.

మామ్మకు ఇంగ్లీషు రాదు గానీ విశాఖ పేరు వినపడింది, నా మొహం చదవడం కూడా వచ్చు. బైబిలు మూసి, హెలెన్ గారి వైపు తిరిగి, "మా కరుణకి సముద్రం గాలి బాగా పడుతుందండీ. చిన్నప్పుడు బందరు తీసుకెళ్తే ఎంత కళగా తయారైందో," అంది. కోడలిని కూడా నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, నా కోసం ఒక పరాయిదేశం మనిషిని బతిమాలుతోంది. హెలెన్ గారు నా వైపు చూశారు, ఏమన్నారు అని. ఆరునెలలుగా నా పనే అది. మాట వెనక ఏముందో చెప్పడం. "నన్ను తీసుకెళ్ళమని మా మామ్మ మిమ్మల్ని అడుగుతోంది" అంటే చాలు. నా పక్కన ప్రభ ఉంది. దాని ముందు, అది నోరు తెరిచి అడిగి గెలుచుకున్నదాన్ని నేనూ నోరు తెరిచి అడగడమా? "నాకు సముద్రం గాలి పడుతుందని అంటోంది," అని మాటకు మాట చెప్పాను. ఓ, ఎంత మంచి సంగతి అన్నారు ఆవిడ. మామ్మ నన్ను కాసేపు చూసి, "నీళ్ళు తే," అంది.

ప్రభ విశాఖ వెళ్ళింది. పుస్తకం వచ్చింది. అట్ట మీద రెండు పేర్లు, హెలెన్ గారిది, ప్రభది. లోపల మా మామ్మ పెసలు, మా అమ్మ పులుసు, లంకలో ముసలాయన, మూడోసారి జరిపే కంచం. ముందుమాట చివర నాకు కృతజ్ఞతలు ఉన్నాయట. నేను ఆ పుట దాకా వెళ్ళలేదు. ఆ తర్వాత నేను టీచరునై, కథలు రాసి, నా పేరుతో నాలుగు పుస్తకాలు వేసుకున్నాను. అయినా ఆ మొదటి అట్ట చూసినప్పుడల్లా అదే మంట. ప్రభ పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేసి, భోజనం చెయ్యకుండా తలనొప్పని వచ్చేశాను. అది ఎన్నిసార్లు ఫోన్ చేసినా "బిజీగా ఉన్నానే" అన్నాను. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు నాకే థాంక్యూ చెబుతారు. "అమ్మా, నాకిది కావాలి, ఇది వద్దు" అంటారు, అయిపోతుంది. వద్దన్నదాన్ని మళ్ళీ అడిగితే "వద్దని చెప్పాను కదా" అని విసుక్కుంటారు. మిస్డ్ కాల్‌కు ఇప్పుడు అర్థమే లేదు. వాళ్ళ పద్ధతిలో పొరపాట్లు తక్కువని ఒప్పుకుంటాను. కానీ ఎండలు ముదిరాయని ఎవరైనా అంటే, ఇప్పటికీ నా కాళ్ళు వాటంతట అవే వంటింట్లోకి నడుస్తాయి.

ఆదివారం ప్రభ ఆ పుస్తకంలో ఒక పుట తీసి చూపించింది. హెలెన్ గారి సన్నటి అక్షరాలు. నాకు అర్థమైనంతలో ఇలా ఉంది. "కరుణ కాదంది. మళ్ళీ అడగాలనిపించింది. ఆ నియమం నాకు నేర్పింది తనే. కానీ తను ఇంగ్లీషులో కాదంది. ఇంగ్లీషులో కాదన్న మనిషిని మళ్ళీ అడిగితే ఒత్తిడి చేసినట్టు. ఏ భాష ప్రకారం వినాలో తెలియక, నాకు తెలిసిన భాష ప్రకారమే విన్నాను. రాత్రి నుంచీ తప్పు చేశానేమో అనిపిస్తోంది." నేను ఆ పుటను రెండుసార్లు చదివాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి నా నోటి నుంచి ఆ మాట వచ్చింది.

"నాకు రావాలనే ఉండేదే, ప్రభా."

"తెలుసక్కా," అంది.

తల ఎత్తి చూశాను.

"నేను మాత్రం ఎక్కడ పుట్టాననుకున్నావ్? నువ్వు కారణాలు చెబుతుంటేనే తెలిసింది, రెండోసారి అడిగించుకోవాలని కూర్చున్నావని. ఆవిడ అడిగేస్తుందేమోనని భయమేసి మధ్యలో దూరాను." పుస్తకం మూసి, అట్ట మీది మరకను వేలితో రుద్దుతోంది. "మీ ఇంట్లో చూసేదాన్ని కదక్కా. నువ్వు వద్దంటే పెద్దమ్మ మళ్ళీ అడిగేది. మళ్ళీ వద్దంటే మళ్ళీ అడిగేది. మా ఇంట్లో ఒక్కసారి వద్దంటే ఆ ముక్క ఇంకెవరికో పోయేది. అందుకే అడిగి తీసుకోవడం నేర్చుకున్నాను. నిన్ను చూస్తే ఒళ్ళు మండేది నాకు."

ఇన్నేళ్ళు ఆ మంట నా ఒక్కదానిదే అనుకున్నాను. నా దగ్గరున్నది చూసి అదీ కుళ్ళుకుందని తెలిసినప్పుడు, నిజం చెబుతున్నాను, మొదట సంతోషమేసింది. తర్వాత కోపం వచ్చింది. ఆ తర్వాత వచ్చినదానికి పేరు తెలియదు. వంటింట్లో పులుసు చల్లారిపోతోంది. పొద్దున్నే కొరమీను తెప్పించాను, ఎవరి కోసమో నన్ను నేను అడగకుండానే.

కాసేపటికి ప్రభ లేచి బ్యాగు భుజాన వేసుకుంది. "వెళ్ళొస్తానక్కా."

"అన్నం తిని వెళ్ళు," అన్నాను.

"వద్దులే అక్కా. నీకు శ్రమ. బస్సు కూడా టైమవుతోంది."

రెండు కారణాలు చెప్పింది. గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు వెతుక్కుంటోంది, అవి కాళ్ళ ముందే ఉన్నాయి. నాకు అంతా అర్థమవుతూనే ఉంది. అర్థం కానట్టు ఊరుకోవడం ఎంత తేలికో కూడా, ఆ రోజు వాకిట్లో ప్రభకు తెలిసినట్టే, ఆ క్షణంలో నాకు తెలిసింది. వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"చెప్పులు విప్పు," అన్నాను. "తలకాయ ముక్క నీకే ఉంచాను."